మెషీన్ వేసిన బొమ్మ సృజన అవుతుందా? ఆర్ట్ ఫెస్ట్ ప్రసంగంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏఐ ప్రోగ్రామ్ వేసిన బొమ్మను సృజన అనవచ్చా అన్న అంశం మీద మా కాలేజీ ఆర్ట్ ఫెస్ట్‌లో నాలుగు నిమిషాలు మాట్లాడాను. స్టేజీ దిగిన దగ్గర్నుంచి క్లాస్‌మేట్స్, జూనియర్లు, డ్రాయింగ్ మాస్టార్లు, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కూడా ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. కొందరికి నేను చెప్పింది నచ్చలేదు. వాళ్ల ప్రశ్నలే ఎక్కువ ఆలోచింపజేశాయి కాబట్టి వాటికే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

ఆ రోజు ఏం మాట్లాడారు? మేము వినలేదు.

ప్రసంగం చిన్నదే, మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

"అందరికీ నమస్కారం. ఈ హాల్లో గోడలకు ఉన్న బొమ్మల్లో కొన్ని చేత్తో వేసినవి, కొన్ని టాబ్లెట్ మీద వేసినవి. మాటలు టైప్ చేస్తే మెషీన్ ఇచ్చినవి కూడా రెండు ఉన్నాయి, వాటి కింద ఆ సంగతి రాసి ఉంది. పొద్దున్నుంచి అందరూ ఆ రెండింటి ముందే ఆగుతున్నారు. ఇది కళేనా అని ఒకరినొకరు అడుగుతున్నారు.

నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. ఏ బొమ్మ ముందైనా నిలబడి, అందులో ఒక చోట వేలు పెట్టి చూపించండి. ఈ చెయ్యి ఇటు ఎందుకు తిరిగింది, ఈ మూల ఎందుకు చీకటిగా ఉంది అని అడగండి. ఆ నిర్ణయం తీసుకున్న మనిషి జవాబు చెప్పగలిగితే ఆ చోట సృజన ఉంది. 'మెషీన్ అలా ఇచ్చింది, బాగుందని ఉంచేశాను' అంటే, ఉంచేయడం ఒక్కటే వాళ్ల నిర్ణయం. అది కూడా నిర్ణయమే, కాకపోతే చిన్నది. ఇలా బొమ్మంతా వేలు జరుపుకుంటూ వెళ్లండి. ఎన్ని చోట్ల మనిషి దొరికాడో చూడండి.

మెషీన్‌తో పనిచేసిన బొమ్మలో కూడా మనిషి చాలా చోట్ల దొరకవచ్చు. చేత్తో వేసిన బొమ్మలో ఒక్క చోట కూడా దొరకకపోవచ్చు. క్యాలెండర్ బొమ్మను గళ్లు గీసి దించితే కష్టం ఉంటుంది, నిర్ణయాలు ఉండవు. అందుకని నేను అడిగేది ఒక్కటే. బొమ్మ పక్కన పేరు రాసేటప్పుడు, అందులో మీరు నిర్ణయించినదేదో, మెషీన్‌కు వదిలేసినదేదో రెండూ రాయండి. చూసేవాళ్లకు అది తెలియాలి."

అంటే మెషీన్ బొమ్మ సృజన కాదనేగా మీరు చెప్పేది?

మాటలు టైప్ చేసి వచ్చిన బొమ్మను అలాగే తీసుకుంటే, ఆ బొమ్మ గీతల్లో, రంగుల్లో ఉన్న సృజన టైప్ చేసినవాళ్లది కాదు అంటున్నాను. వాళ్లు రాసిన మాటల్లో సృజన ఉండవచ్చు. వంద బొమ్మల్లోంచి ఒకటి ఏరడంలో ఉండవచ్చు. దాని మీద తర్వాత చేసిన పనిలో తప్పకుండా ఉండవచ్చు. "అవునా, కాదా" అని మొత్తం బొమ్మకు ఒకే ముద్ర వేయాలని చూసినప్పుడే గొడవ వస్తోంది.

మెషీన్ అసలు బొమ్మ ఎలా వేస్తుంది? మనం చెప్పినట్టే కదా వేసేది?

ఈ భాగం తెలిస్తే మిగతా వాదన సులువుగా అర్థమవుతుంది. కాస్త నిదానంగా చెబుతాను.

ఇప్పుడు ఎక్కువగా వాడే బొమ్మల మోడళ్లలో చాలా వాటి వెనక డిఫ్యూజన్ అనే పద్ధతి ఉంది. నేర్పించే దశలో, వివరణతో పాటు ఉన్న కోట్ల బొమ్మలు తీసుకుని, ఒక్కో బొమ్మ మీద కొంచెం కొంచెం చుక్కల గోల కలుపుతూ పోతారు. పాత టీవీలో సిగ్నల్ పోయినప్పుడు కనిపించేదే ఆ గోల. ఆ గోలలో ఎంత భాగం తీసేస్తే బొమ్మ బయటపడుతుందో ఊహించడం మోడల్ నేర్చుకుంటుంది. మనం బొమ్మ అడిగినప్పుడు అది ఉత్త గోలతో మొదలుపెడుతుంది. మనం రాసిన మాటల వైపు మొగ్గుతూ, మామూలుగా ఇరవై నుంచి యాభై అంచెల్లో ఆ గోలను తీసుకుంటూ వెళ్తుంది. చివరికి బొమ్మ తేలుతుంది.

మొదట వచ్చే ఆ గోల ఎలా ఉండాలో నిర్ణయించేది సీడ్ అనే ఒక అంకె. మనం ఏమీ చెప్పకపోతే ప్రోగ్రామే ఏదో ఒక అంకె వేసుకుంటుంది. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి, మన కంప్యూటర్లోనే నడిపే మోడల్‌లో దీన్ని మీరే పరీక్షించవచ్చు. మాటలు, సెట్టింగులు, సీడ్ ఏవీ మార్చకుండా మళ్లీ నడపండి, దాదాపు అదే బొమ్మ వస్తుంది. ఇప్పుడు మాటలు ముట్టుకోకుండా సీడ్ ఒక్కటి మార్చండి. పూర్తిగా వేరే బొమ్మ వస్తుంది.

నేను "సాయంత్రం చెరువు గట్టు మీద మేకలు కాస్తున్న ముసలాయన" అని ఇచ్చి చూశాను. ఒక సీడ్‌కు ఆయన వెనక్కి తిరిగి నడుస్తున్నాడు, నీళ్లు కుడివైపు ఉన్నాయి. ఇంకో సీడ్‌కు మనవైపు చూస్తూ కూర్చున్నాడు, మేకలు ఆయన కాళ్ల దగ్గర ఉన్నాయి. ఒకదాన్లో ఒంటరితనం కనిపిస్తుంది, ఇంకోదాన్లో ఒక నిబ్బరం ఉంది. చూసేవాళ్ల మనసులో మిగిలేది ఆ తేడానే. నేను రాసిన వాక్యంలో మాత్రం ఒక్క అక్షరం కూడా మారలేదు. అంటే ఆ ఒంటరితనం నేను పెట్టింది కాదు. అది చూసి, నచ్చి, నేను ఉంచుకున్నాను.

మాటలు ఎంత పొడుగ్గా రాసినా ఈ ఖాళీ పూర్తిగా పోదు. కర్ర ఏ చేతిలో ఉంది, పంచె మడతలు ఎటు పడ్డాయి, వెలుగు ముందు ఏ మేక వీపు మీద పడింది, ఇవన్నీ వాక్యంలో పట్టవు. బొమ్మ వేసేవాళ్లు మాత్రం పెన్సిల్ పెట్టిన ప్రతిసారీ వీటిలో ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే.

వాటర్ కలర్‌లో కూడా రంగు తనంతట తాను పాకుతుంది. అది చిత్రకారుడి నిర్ణయం కాదు కదా?

నాకు వచ్చిన ప్రశ్నల్లో చాలా మంచిది ఇది. ఒక సీనియర్ మాస్టారు అడిగారు.

నిజమే, తడి కాగితం మీద రంగు ఎటు పాకుతుందో ఎవరూ పూర్తిగా చెప్పలేరు. కానీ కాగితం ఎంత తడపాలి, బ్రష్‌లో నీళ్లెన్ని ఉండాలి, బోర్డు ఎంత వాల్చాలి అన్నవి వేసేవాళ్ల చేతిలో ఉంటాయి. రంగు పాకుతున్నది చూస్తూ టిష్యూతో అద్దవచ్చు, ఇంకో చుక్క నీళ్లు వేయవచ్చు, ఆరిపోయేదాకా ఆగవచ్చు. అనుకోకుండా జరిగినదానికి వెంటనే, అదే చోట జవాబు ఇస్తూ ఉంటారు. పూర్తయిన బొమ్మ వచ్చాక "ఇది వద్దు, ఇంకోటి" అనడం వేరు. రెండో పద్ధతిలో ప్రతిసారీ అంతా మళ్లీ మొదటికి వస్తుంది. తేడా అక్కడుందని నా అభిప్రాయం. మెషీన్‌తో కూడా మొదటి పద్ధతిలో పనిచేసేవాళ్లు ఉన్నారు, ఆ సంగతి కింద చెబుతాను.

ప్రసంగం తర్వాత చర్చలో మీరు చెప్పిన కొలరాడో కథ ఏమిటి?

2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, ప్యూబ్లో అనే ఊళ్లో జరిగే స్టేట్ ఫెయిర్ కళల పోటీకి జేసన్ అలెన్ అనే ఆయన, మాటలు టైప్ చేస్తే బొమ్మ ఇచ్చే మిడ్‌జర్నీ అనే ప్రోగ్రామ్‌తో చేసిన బొమ్మను పంపాడు. పేరు "తేఆత్ర్ దొపేరా స్పాసియాల్". పాతకాలపు బట్టలు వేసుకున్న ఆడవాళ్లు ఒక పెద్ద వేదిక మీద నిలబడి, ఎదురుగా గుండ్రటి వెలుతురులోకి చూస్తున్నట్టు ఉంటుంది. డిజిటల్ విభాగంలో దానికి మొదటి బహుమతి, 300 డాలర్లు వచ్చాయి. బొమ్మ వివరాల్లో మిడ్‌జర్నీ పేరు ఆయన రాశాడు. అయితే మిడ్‌జర్నీ అంటే ఏమిటో న్యాయనిర్ణేతలకు అప్పటికి తెలియదు. తెలిసినా అదే బహుమతి ఇచ్చేవాళ్లమని తర్వాత అన్నారు.

అసలు వాదన ఆ తర్వాత నడిచింది. అలెన్ ఆ బొమ్మకు కాపీరైట్ నమోదు చేయమని అమెరికా కాపీరైట్ ఆఫీసును అడిగాడు. మాటలు మార్చి మార్చి కనీసం 624 సార్లు ప్రయత్నించానని, ఫోటోషాప్‌లో లోపాలు సరిదిద్దానని, ఇంకో ప్రోగ్రామ్‌తో సైజు పెంచానని చెప్పాడు. మెషీన్ తయారుచేసిన భాగం మీద హక్కు వదులుకుంటానని రాసిస్తే మిగతా భాగం సంగతి చూస్తామని ఆఫీసు అంది. ఆయన ఒప్పుకోలేదు, దరఖాస్తు తిరస్కరించారు. 2023 సెప్టెంబరులో ఆ ఆఫీసు రివ్యూ బోర్డు కూడా ఆ నిర్ణయాన్నే ఖాయం చేసింది. ఆ తర్వాత ఆయన కోర్టుకు వెళ్లాడు.

చట్టం భాష పక్కన పెట్టి, ఆ బొమ్మ మీద వేలు జరిపి చూడండి. వేదిక, ఆ కాలపు బట్టలు, అంతరిక్షం అన్న ఊహ ఆయనది. వందల బొమ్మల్లో దీన్ని ఏరింది ఆయనే. ఫోటోషాప్‌లో దిద్దిన చోట్లు కూడా ఆయనవే. కానీ ఆ గుండ్రటి వెలుతురు ఎంత పెద్దదిగా ఉండాలి, ఆడవాళ్ల మధ్య దూరం ఎంత, గౌను అంచు నేల మీద ఎలా పరుచుకోవాలి? ఇవి మాటల్లోంచి వచ్చినవి కావు. నా లెక్కలో ఆయనది ఒక దర్శకుడు, ఒక ఎడిటర్ కలిసి చేసే పని. దాన్ని కొట్టిపారేయను. చిత్రకారుడి పని అని మాత్రం అనలేను.

624 సార్లు అంటే ఎంత కష్టం! ఆ శ్రమకు విలువ లేదా?

శ్రమకు గౌరవం ఉంది. శ్రమ, సృజన ఒకటి కావు, అంతే. మన సుప్రీంకోర్టు కూడా 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో ఇలాంటి తేడానే చూపింది. కోర్టు తీర్పులను అచ్చువేసే సంస్థకు, అందుకు పడ్డ కష్టం, పెట్టిన ఖర్చు చూపించి మాత్రమే కాపీరైట్ రాదని, తన నైపుణ్యం, విచక్షణ కొంతైనా కనిపించాలని చెప్పింది. పేరాలు ఎక్కడ విడగొట్టాలో ఆలోచించి నంబర్లు వేయడం లాంటి కొన్ని పనులకు రక్షణ ఇచ్చింది, మామూలు దిద్దుబాట్లకు ఇవ్వలేదు. బొమ్మలకు సంబంధం లేని కేసే, కానీ ఆ ఆలోచన ఇక్కడ పనికొస్తుంది.

కెమెరా వచ్చినప్పుడు కూడా ఇదే గొడవ చేశారు. చివరికి ఫోటోగ్రఫీ కళ అయింది కదా?

అయింది. ఎలా అయిందో చూస్తే నా వాదనకే బలం వస్తుంది. 1882లో న్యూయార్క్ ఫోటోగ్రాఫర్ నెపోలియన్ సారోనీ రచయిత ఆస్కార్ వైల్డ్ ఫోటో తీశాడు. ఒక లిథోగ్రాఫ్ కంపెనీ దాన్ని అనుమతి లేకుండా వేల కాపీలు అచ్చువేసింది. ఫోటో అంటే మెషీన్ పని, అందులో రచయిత ఎవరూ లేరని కంపెనీ వాదించింది. 1884లో అమెరికా సుప్రీంకోర్టు సారోనీ వైపు తీర్పు ఇచ్చింది. వైల్డ్‌ను ఎలా కూర్చోబెట్టాలి, ఏ బట్టలు, వెనక ఏ తెరలు, వెలుగునీడలు ఎలా ఉండాలి, ముఖంలో ఏ భావం రాబట్టాలి అన్నవన్నీ సారోనీ ఏర్పాటు చేసినవే అని చెప్పింది.

చూడండి, కోర్టు కెమెరాకు మార్కులు వేయలేదు. ఫోటోలో కనిపిస్తున్న ఒక్కో విషయం వెనక మనిషి నిర్ణయం వెతికింది, దొరికింది. మెషీన్ బొమ్మకు కూడా అదే పరీక్ష పెడదాం. అంతేగానీ, ఫోటోగ్రఫీ గెలిచింది కాబట్టి ఇది కూడా దానంతట అదే గెలిచినట్టే అనడం కుదరదు.

మనుషులు కూడా పాత బొమ్మలు చూసే నేర్చుకుంటారు. మెషీన్ చేస్తే తప్పేంటి?

దీనికి చేర్యాల పటాలను తీసుకుని చెబుతాను.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు తరతరాలుగా పటాలు వేస్తున్నాయి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల పిండి పట్టించి, ఆరాక దాని మీద రంగులు వేస్తారు. వెనకంతా ఎరుపు ఉంటుంది. పటం పైనుంచి కిందికి గడులు గడులుగా సాగుతుంది. కథ చెప్పేవాళ్లు ఒక్కో గడి విప్పుతూ పాడతారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు చెప్పే కథ వేరు, ముదిరాజులకు కాకి పడగలవాళ్లు చెప్పే కథ వేరు. ఏ గడి తర్వాత ఏ గడి రావాలి, ఎవరు పెద్దగా కనిపించాలి అన్నది పాట చెబుతుంది, పాట తెలిసిన కులపెద్దలు చెబుతారు.

మెషీన్‌ను చేర్యాల శైలిలో బొమ్మ అడిగాను. ఎరుపు వచ్చింది, పెద్ద పెద్ద కళ్లు వచ్చాయి, అంచుకు పూల వరస వచ్చింది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. దగ్గరికి వెళ్లి గడులు చదవబోతే ఏమీ లేదు. పక్కపక్క గడుల్లో ఒకే మనిషికి బట్టలు, మొహం మారిపోయాయి. ఒక గడి నుంచి ఇంకో గడికి ఏ సంగతీ నడవలేదు. వాయిద్యాల్లో కొన్ని అసలు ఏ వాయిద్యమో తెలియని ఆకారాలు. మెషీన్ నేర్చుకున్నది పటం పైపై రూపాన్ని. ఆ రూపం ఎందుకు అలా ఏర్పడిందో ఆ బొమ్మల గుట్టలో ఉండదు.

నకాషీ ఇంట్లో పిల్లలు కూడా చూసే నేర్చుకుంటారు. చూస్తూనే, "ఇక్కడ ఎందుకు ఇలా?" అని అడిగి తెలుసుకుంటారు. రేపు వాళ్లు కొత్త గడి వేస్తే, దాని కారణం చెప్పగలరు. ఇంకో మాట కూడా నొక్కి చెప్పాలి. ఈ మోడళ్లకు మేత వేసిన బొమ్మల్లో చాలా భాగం ఇంటర్నెట్ నుంచి, వేసినవాళ్లను అడగకుండా తీసుకున్నవి. 2022లో విడుదలైన లయన్-5బి అనే జాబితాలోనే సుమారు 585 కోట్ల బొమ్మల లింకులు, వాటి వివరణలు ఉన్నాయి. పటం అమ్ముకుని బతికే కుటుంబం పనిని అడక్కుండా వాడుకుని, దాని పోలికతో ఫ్రీగా బొమ్మలు పంచడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. సృజనా కాదా అన్న ప్రశ్న తేలినా తేలకపోయినా ఈ అన్యాయం అలాగే ఉంటుంది.

మన దేశంలో చట్టం ఏమంటుంది?

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1994 సవరణలో సెక్షన్ 2(డి)(vi) చేర్చారు. కంప్యూటర్ తయారుచేసిన రచనకు, అది తయారయ్యేలా చేసిన వ్యక్తే కర్త అని దాని సారాంశం. ఇప్పటి బొమ్మల మెషీన్లు అప్పటికి లేవు. ఆ వ్యక్తి టైప్ చేసినవాళ్లా, మోడల్ తయారుచేసినవాళ్లా అన్నది ఆ మాటల్లోంచి తేలదు. 2020లో "సూర్యాస్త్" అనే బొమ్మకు మన కాపీరైట్ ఆఫీసు ఒక ప్రోగ్రామ్‌ను సహకర్తగా నమోదు చేసి, తర్వాత ఆ నమోదును వెనక్కి తీసుకుంటామని నోటీసు ఇచ్చింది. ఒక సాయంత్రం ఫోటోకు వాన్ గో చిత్రం శైలి అద్ది చేసిన బొమ్మ అది. అమెరికా ఆఫీసు దాన్ని 2023లో తిరస్కరించింది.

మరి మెషీన్‌తో పనిచేసి సృజన చూపించిన ఉదాహరణ ఒక్కటైనా ఉందా?

ఉంది. 2025 జనవరిలో అమెరికా కాపీరైట్ ఆఫీసు "ఎ సింగిల్ పీస్ ఆఫ్ అమెరికన్ చీజ్" అనే బొమ్మను నమోదు చేసింది. అందులో ఉన్నవన్నీ మెషీన్ ఇచ్చిన ముక్కలే. కానీ చేసినాయన బొమ్మలో ఒక చిన్న చోటు ఎంచుకుని, అక్కడ మాత్రమే కొత్తగా రప్పించి, వచ్చినవాటిలో ఒకటి ఉంచి, తర్వాత ఇంకో చోటికి వెళ్లి, ఇలా చాలాసార్లు చేశాడు. దీన్ని ఇన్‌పెయింటింగ్ అంటారు. పని జరుగుతున్నప్పుడు తీసిన వీడియోను కూడా చూపించాడు. ముక్కలను ఏరి, కూర్చి, అమర్చిన తీరుకు రక్షణ దొరికింది. విడివిడి ముక్కలకు దొరకలేదు.

పైన వాటర్ కలర్ దగ్గర చెప్పిన మొదటి పద్ధతి ఇదే. వచ్చినదాన్ని చూసి, ఆ చోటే జవాబు ఇస్తూ వెళ్లడం. ముందు తన చేత్తో స్కెచ్ వేసి, దాన్ని మెషీన్‌కు ఇచ్చి, వచ్చినదాని మీద మళ్లీ గీసేవాళ్లు కూడా ఈ వైపే ఉంటారు.

కాలేజీ పోటీకి ఇలాంటి బొమ్మ పంపవచ్చా? జడ్జిలు ఎలా కనిపెట్టాలి?

నిబంధనల్లో ఒప్పుకుంటే పంపండి, ఎలా చేశారో రాసి పంపండి. 2023లో సోనీ ప్రపంచ ఫోటో పోటీలో బోరిస్ ఎల్డాగ్‌సెన్ అనే జర్మన్ కళాకారుడు మెషీన్‌తో చేసిన బొమ్మకు ఒక విభాగంలో బహుమతి వచ్చింది. దాన్ని ఆయనే వద్దన్నాడు. ఫోటోలకు, ఇలాంటి బొమ్మలకు ఒకే పోటీ పెట్టకూడదన్నాడు. నాదీ అదే అభిప్రాయం, విభాగాలు వేరుగా ఉండాలి.

కనిపెట్టడానికి వేళ్లు లెక్కపెట్టడం పాత చిట్కా, ఇప్పుడు పనిచేయడం లేదు. బొమ్మను అప్‌లోడ్ చేస్తే చెప్పేస్తాం అనే వెబ్‌సైట్లను నమ్మి ఎవరినీ దొంగ అనకండి. అవి చేత్తో వేసిన బొమ్మలను కూడా మెషీన్‌వని అంటాయి. పని చూపించమని అడగడం మేలు. చేత్తో వేసినవాళ్ల దగ్గర రఫ్ స్కెచ్‌లు ఉంటాయి, టాబ్లెట్ మీద వేసినవాళ్ల దగ్గర లేయర్లతో ఉన్న ఫైల్ ఉంటుంది. అప్పటికీ అనుమానం ఉంటే, అదే బొమ్మలో ఒక మూలను ఇంకోలా గీసి చూపించమనండి. పది నిమిషాలు చాలు. చేయి వణికినా పర్వాలేదు, ఎలా ఆలోచిస్తున్నారో తెలిసిపోతుంది.

పక్కన రాయమన్నారు. ఏమని రాయాలి?

రెండు మూడు వాక్యాలు చాలు. ఉదాహరణకు ఇలా: "స్కెచ్ నాది. రంగులు, వెనక చెట్లు మెషీన్‌తో రప్పించాను. ముఖం, చేతులు మళ్లీ చేత్తో వేశాను." ఏ ప్రోగ్రామ్ వాడారో కూడా చెప్పండి. "ఏఐ సాయంతో" అని మాత్రమే రాసి ఊరుకుంటే చూసేవాళ్లకు ఏమీ తెలియదు, ఎందుకంటే ఆ మాట ఒక చిన్న మరక తుడిచినదానికీ సరిపోతుంది, బొమ్మంతా రప్పించినదానికీ సరిపోతుంది.

మీ ప్రసంగాన్ని మా కాలేజీలో వాడుకోవచ్చా?

వాడుకోండి. హాల్లో బొమ్మలు ఉంటే, మాట్లాడేటప్పుడు నిజంగానే ఒక బొమ్మ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించండి. వేసినవాళ్లను ముందే అడిగి, ఒప్పుకుంటేనే చేయండి. మెషీన్ బొమ్మ ఒకటి, చేత్తో వేసింది ఒకటి తీసుకుని, ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి.